ఎండలో సోడా, ఐసులో సోడా

(వేసవి సెలవుల్లో కడపలో విద్యార్థులకు, పెద్దలకు కలిపి ఏర్పాటు చేసిన విజ్ఞాన కార్యక్రమంలో ఒక రసాయనశాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో పిల్లలు, వెనక పెద్దవాళ్లు కూర్చున్నారు. ఆ చివర ఒక సోడా షాపు అన్న కూడా ఉన్నారు, ఆయన్ను నేనే రమ్మన్నాను. నేను తప్పు చెబితే ఆయన ఆపుతారు. (నవ్వులు)

ఈ బల్ల మీద రెండు కూల్‌డ్రింక్ సీసాలున్నాయి చూడండి. ఒకే కంపెనీవి, ఒకే పెట్టెలోంచి తీసినవి. ఒకటి పొద్దుటి నుంచి ఐసు బకెట్లో ఉంది. రెండోది బయట మెట్ల మీద ఎండలో ఉంది. మే నెల కడప ఎండ గురించి మీకు నేను చెప్పేదేముంది! ఇప్పుడు వీటి మూత తీయబోయే ముందు ఒక ప్రశ్న. ఈ రెండింటిలో ఏ సీసాలో గ్యాస్ ఎక్కువ ఉంది?

చల్లటిదాంట్లో అన్నవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. ఎండలోదాంట్లో? వీళ్లూ కొంతమంది ఉన్నారు. రెండింటిలోనూ ఒకటే అన్నవాళ్లు? ఆ మూల ఒక్క పాప. నీ పేరు తర్వాత అడుగుతానమ్మా, నువ్వు చెప్పిందే కరెక్టు.

మూత వేసి ఉంది కదా. గ్యాస్ లోపలికి పోదు, బయటికి రాదు. ఫ్యాక్టరీలో ఎంత పట్టించారో అంతే ఉంటుంది. ఐసులో పెట్టినంత మాత్రాన పెరగదు, ఎండలో పెట్టినంత మాత్రాన తగ్గదు. మారేదల్లా ఆ గ్యాస్‌లో ఎంత భాగాన్ని నీళ్లు పట్టి ఉంచగలవు అన్నది. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతాదంతా దానంతట అదే వస్తుంది. కాబట్టి ఈ పూట దీన్నే తిప్పి తిప్పి చూద్దాం.

ముందు ఆ గ్యాస్ ఏమిటో చూద్దాం. కార్బన్ డయాక్సైడ్, మనం ఊపిరి వదిలినప్పుడు బయటికొచ్చేదే. దీన్ని నీళ్లలో ఎంత కలిపారో చెప్పడానికి సోడా తయారుచేసేవాళ్లకు ఒక తేలికైన కొలత ఉంది. ఒక లీటరు నీళ్లలో ఎన్ని లీటర్ల గ్యాస్ కలిసింది అని లెక్కేస్తారు. మామూలు కోలా డ్రింకులో లీటరుకు సుమారు 4 లీటర్ల గ్యాస్ ఉంటుంది. తూకం వేస్తే 8 గ్రాములకు కొంచెం తక్కువ. లీటరు సీసాలో 4 లీటర్ల గ్యాస్ ఎలా పట్టింది అంటే, బలవంతంగా నొక్కి పట్టించారు.

1803లో ఇంగ్లండులో విలియం హెన్రీ అనే ఆయన దీన్ని కొలిచి చూశారు. ఒక గ్యాస్ నీటి పైన ఎంత గట్టిగా ఒత్తుతుంటే, నీటిలో అంత ఎక్కువ కరుగుతుంది. ఒత్తిడి రెట్టింపు చేస్తే కరిగేది రెట్టింపు. ఒత్తిడి సగం చేస్తే పట్టి ఉంచగలిగేదీ సగమే. ఇంటర్‌లో దీన్ని హెన్రీ నియమం అని రాసి మార్కులు తెచ్చుకుంటాం, తర్వాత మరిచిపోతాం. కానీ మన ఊళ్లో గోలీ సోడా కొట్టేవాళ్లు ఆ పేరు వినకుండానే రోజూ ఈ నియమంతోనే బతుకుతున్నారు.

అన్నా, మీ మిషన్ ఎలా ఉంటుందో పిల్లలకు చెప్పండి.

(సోడా షాపు యజమాని: సీసాలో నీళ్లు పోసి మిషన్‌లో పెడతాం మేడమ్. సిలిండరు నుంచి గ్యాస్ వదిలి చక్రం తిప్పుతాం. సీసా తలకిందులుగా తిరుగుతాది. గోలీ మూతి కాడికొచ్చి రబ్బరుకు అతుక్కుంటాది. ఇంక ఊడదు.)

విన్నారుగా. ఇందులో రెండు పనులు జరుగుతున్నాయి. సిలిండరు నుంచి వచ్చే గ్యాస్ ఒత్తిడి ఒకటి. చక్రం తిప్పడం రెండోది. తిప్పకుండా ఊరికే గ్యాస్ పెట్టి కూర్చుంటే నీళ్ల పైపొర మాత్రమే గ్యాస్‌ను తాకుతుంది, పట్టడానికి చాలాసేపవుతుంది. తిప్పి కుదిపితే నీళ్లు, గ్యాస్ బాగా కలిసి తొందరగా కరుగుతుంది. గోలీని మూతికి అదిమి పట్టేది కూడా లోపలి గ్యాసే. వేరే బిరడా ఏమీ లేదు. హైరమ్ కాడ్ అనే ఇంగ్లండు ఇంజనీరు 1872లో ఈ సీసాకు పేటెంటు తీసుకున్నారు. ఆ దేశంలో అది మ్యూజియం వస్తువైపోయింది, మన దగ్గర ఇంకా నిమ్మకాయ పిండి చేతికిస్తున్నారు.

ఇప్పుడు మూత తీద్దాం. ముందు చల్లటిది. (సీసా తెరిచారు.) 'స్స్' అని చిన్న శబ్దం వచ్చింది. పైన నాలుగు బుడగలు వచ్చి ఆగిపోయాయి. ఇక ఎండలోది. ముందు వరుసవాళ్లు కొంచెం వెనక్కి జరగండి. మూతను నా మొహం వైపు పెట్టుకోలేదు చూడండి, మీరూ పెట్టుకోవద్దు. (సీసా తెరిచారు. నురగ పొంగి బల్ల మీద పడింది. నవ్వులు, చప్పట్లు.)

బల్ల తర్వాత తుడుచుకుందాం. ఏం జరిగిందో చూద్దాం.

మూత తీసిన మరుక్షణమే నీళ్ల పైన ఉన్న ఒత్తిడి పడిపోయింది. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిని 1 అనుకుందాం. లోపల అంతకు ఎన్నో రెట్లు ఉన్నది ఒక్కసారిగా 1కి దిగింది. ఆ 1 ఒత్తిడి దగ్గర నీళ్లు ఎంత గ్యాస్‌ను పట్టి ఉంచగలవో శాస్త్రవేత్తలు కొలిచి పెట్టారు. 5 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 1.4 లీటర్లు. 20 డిగ్రీల దగ్గర 0.88 లీటరు. 40 డిగ్రీల దగ్గర 0.53 లీటరు. బాగా చల్లటి నీళ్లకున్న పట్టు, మన ఎండలో కాగిన నీళ్లకున్న పట్టుకు రెండున్నర రెట్ల పైనే ఉందన్నమాట.

వేడి పెరిగితే పట్టు ఎందుకు సడలుతుంది? ఉప్పు, చక్కెర అయితే వేడినీళ్లలో తేలిగ్గా కరుగుతాయి కదా, గ్యాస్ మాత్రం ఎందుకు ఉల్టా అని మీకు అనిపించాలి. నీళ్లలో కరిగిన గ్యాస్ అణువు చుట్టూ నీటి అణువులు చేరి దాన్ని కాస్త పట్టుకుంటాయి. అలా పట్టుకున్నప్పుడు కొంచెం వేడి బయటికొస్తుంది. అంటే కరగడంలో వేడి వదులుతుంది. మళ్లీ విడిపించాలంటే ఆ వేడిని తిరిగి ఇవ్వాలి. ఎండ ఇచ్చేది అదే. అణువులు జోరుగా కదులుతుంటే ఆ బలహీనమైన పట్టులోంచి తప్పించుకునేవి ఎక్కువవుతాయి. గ్యాస్‌గా బయట పడితే వాటికి తిరగడానికి బోలెడంత చోటు. ఇది సోడా గ్యాస్‌కే కాదు, మామూలుగా మన వేడిలో నీళ్లలో కరిగే ఆక్సిజన్, నైట్రోజన్‌లకూ వర్తిస్తుంది. అన్ని ద్రవాలకూ, అన్ని ఉష్ణోగ్రతలకూ ఇదే సూత్రమని మాత్రం అనుకోవద్దు. నీళ్లలోనే బాగా ఎక్కువ వేడికి పోతే లెక్క తిరగబడుతుంది. మన సోడాకు ఆ బాధ లేదు.

దీన్ని మీ ఇంట్లోనే చూడొచ్చు. పొయ్యి మీద గిన్నెలో నీళ్లు పెట్టి చూస్తూ ఉండండి. మరగడానికి ఎంతో ముందే, చెయ్యి పెడితే వెచ్చగా ఉన్నప్పుడే, గిన్నె అడుగున, పక్కల ఆవగింజంత బుడగలు అంటుకుని కనిపిస్తాయి. అవి ఆవిరి బుడగలని చాలామంది అనుకుంటారు. నీళ్లలో కరిగి ఉన్న గాలి, నీళ్లు వేడెక్కేసరికి పట్టు సడలి బయటికొచ్చింది, అంతే.

మళ్లీ మన సీసాల దగ్గరకు వద్దాం. లీటరుకు 4 లీటర్ల గ్యాస్ అనుకున్నాం. ఈ సీసా 300 మిల్లీలీటర్లది అనుకుంటే అందులో 1.2 లీటర్ల గ్యాస్ ఉంది. ఐసులోది తెరిచినప్పుడు ఆ నీళ్లు 0.43 లీటరును పట్టుకోగలవు, సుమారు 0.77 లీటరు ఎక్కువైపోయింది. ఎండలోది 40 డిగ్రీల దగ్గర ఉంటే 0.16 లీటరునే పట్టుకోగలదు, సుమారు 1.04 లీటర్లు ఎక్కువైపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. 0.77 ఎక్కడ, 1.04 ఎక్కడ? మరీ అంత తేడా లేదు కదా. మరి ఒకటి బుద్ధిగా కూర్చుంది, ఇంకోటి బల్లంతా తడిపేసింది. ఎందుకు?

అసలు విషయం వేగంలో ఉంది. చల్లటి సీసాలో గ్యాస్ తన వాటాకు మూడు రెట్ల లోపే ఉంది. ఎండ సీసాలో తన వాటాకు ఏడున్నర రెట్లు ఉంది. ఎంత ఎక్కువైతే బయటికి రావాలన్న తోపు అంత బలంగా ఉంటుంది. దానికి తోడు వేడి నీళ్లు పలచగా ఉంటాయి, అందులో గ్యాస్ అణువులు బుడగ దగ్గరికి చేరడం కూడా తేలికవుతుంది. చల్లటి సీసాలోని ఎక్కువ గ్యాస్ కూడా చివరికి పోయేదే. కాకపోతే నిదానంగా పోతుంది, మీరు తాగడం అయిపోయేదాకా ఉంటుంది. మూత లేకుండా రెండు రోజులు వదిలేస్తే రెండూ చప్పబడిపోతాయి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతమే ఉంది. ఆ కాస్త ఒత్తిడికి లీటరు నీళ్లు పట్టి ఉంచగలిగేది అర మిల్లీలీటరు గ్యాస్ కూడా లేదు. 4 లీటర్ల నుంచి అక్కడికి దిగిపోతుంది.

(ఒక విద్యార్థి: మేడమ్, తాగేలోపు పోతుందంటే సరే, ఊపితే ఎందుకు పొంగుతుంది? చల్లటిదైనా ఊపితే పొంగుతుంది కదా!)

మంచి ప్రశ్న. దానికి బుడగ ఎలా పుడుతుందో చెప్పాలి. నీళ్ల మధ్యలో ఏమీ లేనిచోట కొత్తగా బుడగ పుట్టడం చాలా కష్టం. నీళ్ల పైపొరకు ముడుచుకునే గుణం ఉంది. బుడగ ఎంత చిన్నదైతే ఆ ముడుపు దాన్ని అంత గట్టిగా నలిపేస్తుంది. మిల్లీమీటరులో పదివేలవ వంతు వ్యాసార్థం ఉన్న బుడగను, నీళ్లు మన గాలి ఒత్తిడికి 14 రెట్ల ఒత్తిడితో నలుపుతాయి. సోడాలో గ్యాస్‌కు అంత తోపు లేదు. కాబట్టి అలాంటి బుడగ పుట్టీ పుట్టగానే నలిగిపోతుంది.

మరి గ్లాసులో బుడగలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? గ్లాసులో సోడా పోసి దగ్గరగా పెట్టుకుని చూడండి. బుడగలు ఎక్కడ పడితే అక్కడ పుట్టవు. ఫలానా చోటు నుంచి దారం కట్టినట్టు ఒకదాని వెనక ఒకటి పైకి పోతుంటాయి. అక్కడ గాజు మీద సన్నని గీత గానీ, గ్లాసు తుడిచిన గుడ్డ నుంచి అంటుకున్న నూలు పోగు గానీ ఉంటుంది. ఆ పోగులో కాస్త గాలి ఇరుక్కుని ఉంటుంది. కరిగిన గ్యాస్ ఆ గాలిలోకి చేరి బుడగ పెరుగుతుంది, బరువు చాలక తేలి పైకిపోతుంది. మిగిలిన కాస్త గాలి మీద ఇంకో బుడగ. పుట్టించాల్సిన అవసరం లేదు, ఉన్నదాన్నే పెంచుకుంటుంది.

సీసాను ఊపినప్పుడు జరిగేది కూడా ఇదే. పైభాగంలో ఉన్న గ్యాస్ చిన్న చిన్న బుడగలుగా నీళ్లలోకి చెదురుతుంది. ఊపితే లోపల ఒత్తిడి పెరిగిపోతుందని అందరూ అంటారు. అదేం పెద్దగా పెరగదు. పెరిగేది బుడగల విత్తనాల సంఖ్య. మూత తీయగానే ఆ వేల బుడగలన్నీ ఒకేసారి ఉబ్బి, పైకి వస్తూ నీళ్లను కూడా మోసుకొస్తాయి. ఊపిన సీసాను కొన్ని నిమిషాలు కదపకుండా పెడితే ఆ బుడగలు పైకి చేరి కలిసిపోతాయి. అప్పుడు తీస్తే ఏమీ కాదు.

సాల్ట్ సోడా చేసేటప్పుడు అన్న ఏం చేస్తారో గమనించారా? గ్లాసులో ముందు ఉప్పు, నిమ్మరసం వేసి, ఆ తర్వాత సోడాను వంచి నెమ్మదిగా పోస్తారు. మనం ఇంట్లో తెలివిగా సోడా ముందు పోసి పైన ఉప్పు వేస్తాం, అది కాస్తా చేతుల మీదికి పొంగుతుంది. ఉప్పు గళ్ల గరుకు మీద, సందుల్లో గాలి ఉంటుంది. ఆ గళ్లు లోపలికి పోతూ వేల బుడగలకు చోటు చూపిస్తాయి. ముందే ఉప్పును నిమ్మరసంలో కలిపేస్తే ఆ గళ్లు ఉండవు, గొడవ ఉండదు. నన్నారి సోడాకూ ఇదే తీరు. ముందు నన్నారి పాకం, తర్వాత సోడా. స్పూనుతో గిరగిరా తిప్పకండి, గ్యాస్‌ను మీరే తరిమేసినట్టవుతుంది.

(సోడా షాపు యజమాని: మేడమ్, నాదొక డౌటు. ఎండాకాలంలో గ్యాస్ సరిగా పట్టదు. సిలిండరు అంతే తిప్పుతాం, చక్రం అంతే తిప్పుతాం. చలికాలం సోడా 'టప్'మంటాది, ఎండాకాలంది మెత్తగా ఉంటాది. గ్యాస్‌లోనే కల్తీ ఉందేమో అనుకుంటాము.)

కల్తీ సంగతి నాకు తెలియదు అన్నా. మీ నీళ్లు ఎక్కడివి? మిద్దె మీద ట్యాంకు నుంచే కదా. మధ్యాహ్నం ఆ నీళ్లు చెయ్యి కాలేట్టు ఉంటాయి. 40 డిగ్రీలు అనుకుందాం. మీరు సిలిండరు రెగ్యులేటరు ఎప్పుడూ పెట్టే చోటే పెట్టారు, అంటే ఒత్తిడి మారలేదు. నీళ్ల పట్టు మాత్రం 20 డిగ్రీలప్పటికంటే ఐదింట మూడు వంతులకు పడిపోయింది. చలికాలం లీటరుకు 4 లీటర్లు పట్టిన చోట ఇప్పుడు అదే ఒత్తిడికి 2.4 లీటర్లే పడుతుంది. మీ చెయ్యి తిప్పడంలో ఏ లోపమూ లేదు.

ఒత్తిడి పెంచి పట్టిద్దామని చూడకండి. అది గాజు సీసా, పైగా ఎన్నేళ్ల నాటిదో, ఎక్కడ గీతలు పడిందో తెలియదు. నీళ్లనే చల్లబరచండి. తెల్లవారుజామున ట్యాంకు చల్లగా ఉన్నప్పుడు నీళ్లు పట్టుకోవడం, పట్టిన నీళ్లను ఫ్రిజ్‌లో గానీ ఐసు మధ్యలో గానీ పెట్టి తర్వాత మిషన్‌కు ఎక్కించడం చేస్తే చాలు. పెద్ద ఫ్యాక్టరీల్లో చేసేది కూడా ఇదే. నీళ్లను ముందు బాగా చల్లబరిచి, ఆ తర్వాతే గ్యాస్ ఎక్కిస్తారు. తక్కువ ఒత్తిడితోనే కావలసినంత పడుతుంది.

కానీ ఇక్కడే ఒక ప్రమాదం ఉంది, జాగ్రత్తగా వినండి. చల్లటి నీళ్లలో నిండుగా పట్టించిన సీసాను మధ్యాహ్నం ఎండలో పెడితే ఏమవుతుంది? గ్యాస్ బయటికి పోలేదు. నీళ్లు మాత్రం పట్టి ఉంచలేవు. ఆ గ్యాసంతా పైనున్న కాస్త ఖాళీలోకి చేరి ఒత్తిడి పెంచుతుంది. లీటరుకు 4 లీటర్లున్న సీసాలో 5 డిగ్రీలప్పుడు ఒత్తిడి గాలి ఒత్తిడికి 2.8 రెట్లు. 40 డిగ్రీలకు వస్తే 7 రెట్లు దాటుతుంది. కారు టైరులో మనం కొట్టించే గాలికి అది సుమారు మూడింతలు. ప్లాస్టిక్ సీసాలను అంత ఒత్తిడి తట్టుకునేలా చేస్తారు. వాటి అడుగు చదునుగా ఉండకుండా ఐదు కాళ్లలా ఉండేది అందుకే, చదునుగా ఉంటే ఒత్తిడికి ఉబ్బి సీసా నిలబడదు. గీతలు పడిన పాత గాజు సీసా మాత్రం ఎప్పుడు పగులుతుందో చెప్పలేం. ట్రేలు నీడలో పెట్టి తడి గోనెసంచి కప్పండి. ఎండలో కాగిన సీసాను పట్టుకెళ్లి గబుక్కున ఐసు నీళ్లలో ముంచకండి, ఆ దెబ్బకు కూడా గాజు పగులుతుంది.

(ఒక గృహిణి: మేడమ్, పెద్ద బాటిలు తెస్తే ఒక్క పూటకు అయిపోదు. మిగిలింది చప్పబడకుండా, బాటిలును నొక్కి గాలి తీసేసి మూత పెడతాను. అది మంచిదేనా?)

అక్కా, చాలామంది అలాగే చేస్తారు. దానివల్ల ఇంకా తొందరగా చప్పబడుతుంది. నొక్కిన ప్లాస్టిక్ మళ్లీ ఉబ్బి మామూలు ఆకారానికి రావాలని చూస్తుంది. లోపల గ్యాస్ వస్తుంటే దానికి చోటిస్తూ పోతుంది. ఒత్తిడి పెరిగితే కదా మిగతా గ్యాస్ నీళ్లలో ఆగేది, ఆ ఒత్తిడి తొందరగా పెరగనివ్వదు. నొక్కకుండా బిగించండి చాలు.

ఇంతకంటే ముఖ్యం ఎక్కడ పెట్టారన్నది. లెక్క చూద్దాం. లీటరు సీసాలో సగం తాగారు. అర లీటరు డ్రింకు, పైన అర లీటరు ఖాళీ. అప్పటికి కొంత గ్యాస్ పోయి, మిగిలిన డ్రింకులో 1.5 లీటర్ల గ్యాస్ ఉందనుకుందాం. మూత బిగించారు. ఇక ఆ 1.5 లీటర్లను నీళ్లు, ఖాళీ పంచుకోవాలి. ఫ్రిజ్‌లో 5 డిగ్రీల దగ్గర పెడితే నీళ్లలో 0.9 లీటరు దాకా ఉంటుంది, 0.6 పైకి పోతుంది. వంటింటి గట్టు మీద 35 డిగ్రీల దగ్గర వదిలేస్తే నీళ్లలో 0.6 మాత్రమే ఆగుతుంది, 0.9 పైకి పోతుంది. సరిగ్గా తిరగబడింది చూడండి. మళ్లీ మూత తీసినప్పుడు 'స్స్' అని పోయేది ఆ పైన చేరిందే. కాబట్టి ఎక్కువ 'స్స్' వినిపిస్తే డ్రింకు బాగా ఉందని సంతోషపడకండి. ఎంత గ్యాస్ మన గ్లాసుకు రాకుండా పోయిందో అది చెబుతోంది. (నవ్వులు) వీలైతే మిగిలినదాన్ని చిన్న సీసాలోకి, అంచు వెంట మెల్లగా ఒంపి నిండుగా పెట్టండి. ఖాళీ తగ్గితే గ్యాస్ పోయే చోటూ తగ్గుతుంది.

(ఇంకో విద్యార్థి: మేడమ్, ఎండలో పెట్టిన బాటిల్‌ను తెరవకుండా మళ్లీ ఫ్రిజ్‌లో పెడితే మునుపటిలా అవుతుందా?)

అవుతుంది. మూత ఊడలేదు కాబట్టి గ్యాస్ అంతా లోపలే ఉంది. చల్లబడేకొద్దీ పైన చేరింది మళ్లీ నీళ్లలోకి దిగుతుంది. సీసా పైన తాకితే చల్లగా తగిలినా లోపలంతా చల్లబడటానికి టైము పడుతుంది, గ్యాస్ దిగడానికీ పడుతుంది. అందుకని పది నిమిషాలు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తీసేయకుండా, కింది అరలో కొన్ని గంటలు ఉంచండి. డీప్ ఫ్రీజర్‌లో మరిచిపోతే ఇంకో తంటా ఉంది. నీళ్లు గడ్డకడితే ఉబ్బుతాయి. మంచుగడ్డలో గ్యాస్‌కు చోటు ఉండదు, గడ్డకట్టని కాస్త నీళ్లలోకీ, పైకీ తోసుకొస్తుంది. రెండూ కలిసి సీసాను పగలగొడతాయి. గాజుదైతే ఆ ముక్కలు ఏరడానికే మీకు ఒక పూట పడుతుంది.

ఇక ఎవరికైనా చేసి చూడాలని ఉంటే, ఆ చివర బల్ల మీద ఇంకో నాలుగు చిన్న సీసాలు, బుడగలు కట్టే బెలూన్లు పెట్టాను. రెండు ఐసులో ఉన్నాయి, రెండు గది వేడిలో ఉన్నాయి. మూత తీసిన వెంటనే మూతికి బెలూన్ తొడగండి, సీసాను ఊపకండి. ఏ బెలూన్ ముందు లేస్తుందో గడియారం పెట్టుకుని రాసుకోండి. రేపు అన్న తన మిషన్ తెస్తానన్నారు, పొద్దున ట్యాంకు నీళ్లతో ఒకటి, మధ్యాహ్నం ట్యాంకు నీళ్లతో ఒకటి కొట్టి చూద్దాం.